రోడ్డుకు అటువైపున్న మనిషికి చెయ్యి ఊపాం, చూశారా లేదా?

"మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కనిపించావు, చెయ్యి ఊపితే చూసి కూడా చూడనట్టు పోయావేంటి?" హైదరాబాద్‌లో నలుగురు చుట్టాలున్న ఎవరికైనా ఈ నిష్ఠూరం కొత్త కాదు. ఇందులో రెండు ఆరోపణలున్నాయి. ఒకటి, చూశావు. రెండు, చూడనట్టు పోయావు. మొదటిది నిలబడితేనే రెండోదానికి విలువ. మరి చూశాడని ఎలా తెలుసు అంటే, "నా వైపే చూశాడు, నా కళ్లలోకి చూశాడు" అంటారు. పెద్ద రోడ్డుకు అటూ ఇటూ నిలబడిన ఇద్దరి మధ్య ఈ సాక్ష్యం దాదాపు పనికిరాదు. పనికొచ్చే సాక్ష్యం వేరే ఉంది. ముందు ఇదెందుకు పనికిరాదో చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డునే తీసుకోండి. ఒక లేన్‌కి మూడున్నర మీటర్ల లెక్కన ఆరు లేన్లంటే 21 మీటర్లు. మధ్యలో మెట్రో పిల్లర్లున్న డివైడర్, రెండు పక్కలా ఫుట్‌పాత్ కలిపితే ఇటు మనిషికీ అటు మనిషికీ మధ్య సుమారు 28 మీటర్ల దూరం అనుకోవచ్చు. కంటి డాక్టర్ దగ్గర 6/6 వచ్చిన మంచి చూపుకి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వివరం అందుతుంది. 28 మీటర్ల దూరంలో అది ఎనిమిది మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్నవి విడివిడిగా కనిపించవు, కలిసిపోతాయి. మనిషి కంట్లో నల్లగుడ్డు వెడల్పు 12 మిల్లీమీటర్లు. అంటే ఆ దూరం నుంచి అవతలివాళ్ల నల్లగుడ్డు ఒక చుక్కగా కనిపించినా గొప్పే. అది మధ్యలో ఉందా, కాస్త పక్కకి తిరిగి ఉందా అని తేల్చడం మాత్రం కుదరదు. అదీ కళ్లజోడు, దుమ్ము, సాయంత్రపు మసక వెలుతురు ఏవీ అడ్డం లేకపోతే. "కళ్లలోకి చూశాడు" అనేది నిజానికి "మొహం నా వైపు తిరిగి ఉంది" మాత్రమే. మొహం మన వైపున్నా కళ్లు పక్కకి చూస్తూ ఉండొచ్చు.

దీనికి తోడు మన మెదడు ఒక పక్షపాతం చూపిస్తుంది. ఇసబెల్ మరేషల్, ఆండ్రూ కాల్డర్, కాలిన్ క్లిఫర్డ్ అనే పరిశోధకులు 2013లో చేసిన ప్రయోగంలో, కళ్లు సరిగ్గా కనిపించకుండా చేసిన మొహాలను చూపించి ఎటు చూస్తున్నాయో చెప్పమన్నారు. కళ్లు ఎంత మసకగా ఉంటే, చూసినవాళ్లు అంత ఎక్కువగా "నా వైపే చూస్తున్నాయి" అన్నారు. సందేహం ఉన్నప్పుడు మెదడు మనకే ఓటేస్తుంది. అందులో అర్థం లేకపోలేదు. మన మీద కన్నేసినవాడిని గమనించకపోవడం ప్రమాదం, గమనించాననుకుని పొరబడితే పోయేదేమీ లేదు. అడవిలో పనికొచ్చే ఈ జాగ్రత్త దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దగ్గర చుట్టాల మధ్య తగువు పెడుతుంది.

కళ్లు స్పష్టంగా కనిపించినప్పుడు కూడా చూపును మనం ఒక గీతలా కాక, కొంచెం విచ్చుకున్న మేరగా పట్టుకుంటాం. అవతలి చూపు అటూ ఇటూ కలిపి ఎనిమిది డిగ్రీల లోపల ఎక్కడ పడినా మన మీదే పడినట్టు అనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అది ఒక మొహం అంత మేర. 28 మీటర్లకు వచ్చేసరికి నాలుగు మీటర్ల వెడల్పు అవుతుంది. ఆ నాలుగు మీటర్లలో మీతో పాటు మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు, ఆటో ఎక్కబోతున్న ఇద్దరు, మీ వెనక చెప్పుల షాపు బోర్డు, అన్నీ ఉంటాయి. ఆయన చూసింది బోర్డునే కావచ్చు. ఎవరో చెయ్యి ఊపితే మనం మురిసిపోయి తిరిగి ఊపడం, తీరా చూస్తే ఆ ఊపు మన వెనకున్నవాళ్లకి అని తెలిసి ఆ చేత్తోనే జుట్టు సర్దుకోవడం కూడా ఈ నాలుగు మీటర్ల పుణ్యమే.

ఇక అవతలివాళ్లకి మనం ఎలా కనిపిస్తున్నామో చూద్దాం. జెఫ్రీ లాఫ్టస్, ఎరిన్ హార్లీ 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పేరున్న వ్యక్తుల మొహాలను కూడా జనం నాలుగింట మూడు సార్లు గుర్తుపట్టగలిగింది పది మీటర్ల దూరం వరకే. 23 మీటర్లు దాటేసరికి నాలుగింట ఒక్కసారికి పడిపోయింది. మనం తలుచుకున్నంత దూరం నుంచి మొహం మనిషిని పట్టివ్వదు. రోడ్డు అవతల ఉన్న తెలిసినవాళ్లను మనం గుర్తుపట్టేది ఎక్కువగా నడక, ఒడ్డూ పొడుగూ, నిలబడే తీరు, రోజూ వేసుకునే బ్యాగ్ లాంటివాటితో. వీటిలో ఏది మారినా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎప్పుడూ చీరలో కనిపించే ఆవిడ పంజాబీ డ్రెస్సులో వచ్చినా, కాలేజీలో మాత్రమే చూసిన లెక్చరర్ కూరగాయల సంచితో కనిపించినా ఒక్క క్షణం తడబడతాం. పైగా మనం ఆవిడని ముందే గుర్తుపట్టాం, తీరిగ్గా పోల్చుకున్నాం. ఆవిడకి ఆ అవకాశం లేదు. వందమందిలో ఒక చెయ్యి పైకి లేచింది, అంతే.

ఆ చెయ్యి కంటపడే విషయంలో ప్రకృతి మనకి కాస్త సాయం చేసింది. చూపు అంచుల్లో వివరాలు తెలియవు కానీ కదలిక తెలుస్తుంది. చెయ్యి అరమీటరు మేర అటూ ఇటూ ఊపితే 28 మీటర్ల దూరం నుంచి అది ఒక డిగ్రీ కదలిక. నల్లగుడ్డుతో పోలిస్తే నలభై రెట్లు. కానీ ఊపడం పక్కలకి ఉండాలి. చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తే అవతలివైపు నుంచి చూసేవాళ్లకి దాదాపు కదలనట్టే ఉంటుంది. భుజం ఎత్తులో, ఛాతీకి ఎదురుగా ఊపినా లాభం తక్కువ, చొక్కా రంగులో కలిసిపోతుంది. తలపైకి ఎత్తి, వెనక ఆకాశమో లేత రంగు గోడో ఉండేలా చూసుకుని ఊపితే చెయ్యి విడిగా కనిపిస్తుంది.

మన ఊళ్లో దీనికి మర్యాద చిక్కొకటి ఉంది. పెద్దవాళ్లకి, చదువు చెప్పినవాళ్లకి హాయ్ అన్నట్టు చెయ్యి ఊపలేం, నమస్కారమే పెట్టాలి. ఛాతీ దగ్గర చేతులు జోడిస్తే దూరం నుంచి కనిపించే ఆకారం ఏమీ మారదు, మనిషి మోచేతులు దగ్గరికి తెచ్చుకున్నట్టు ఉంటుంది అంతే. మీటింగుల్లో నాయకులు జోడించిన చేతుల్ని తలపైకి ఎత్తేది అందుకే. పాతబస్తీలో పెట్టే సలాం ఈ విషయంలో మేలు. చెయ్యి నుదుటి దాకా లేస్తుంది, మోచెయ్యి పక్కకి పొడుచుకొస్తుంది, ఒంటి గీతే మారిపోతుంది కాబట్టి దూరానికీ అందుతుంది. నా మటుకు, పెద్దవాళ్లకైనా ముందు చెయ్యెత్తి వాళ్ల దృష్టి తిప్పుకుని, తిరిగాక నమస్కారం పెట్టడమే సరైన పద్ధతి. మొదటిది పిలుపు, రెండోది పలకరింపు.

కేకేయొచ్చు కదా అంటారేమో. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. నోటి ముందు ఒక మీటరు దగ్గరున్న గట్టిదనం 28 మీటర్లకి చేరేసరికి 29 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. మిగిలినదాన్ని హారన్లు మింగేస్తాయి. మింగకపోయినా, ప్రతి షాపువాడూ "రండి మేడమ్, చూడండి మేడమ్" అని పిలిచే ఆ వీధిలో "మేడమ్!" అన్న కేకకి తిరిగి చూడకూడదని ఆడవాళ్లందరికీ ఎప్పుడో అలవాటైపోయింది.

మొహం ఇటు తిరిగి, చెయ్యి కంటి ముందు ఆడుతున్నా, మనసు వేరేచోట ఉంటే కనిపించదు. అమెరికాలో వెస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఐరా హైమన్ బృందం ఒక జోకర్‌ని ఒంటిచక్రం సైకిల్ మీద క్యాంపస్‌లో తిప్పింది. అటుగా నడిచినవాళ్లను తర్వాత ఆపి, జోకర్‌ని చూశారా అని అడిగితే, సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చినవాళ్లలో నాలుగోవంతు మందే చూశామన్నారు. ఫోన్ లేకుండా ఒంటరిగా నడిచినవాళ్లలో సగం మంది చూశారు. జోకర్‌కే ఆ గతి పడితే మన చెయ్యి ఏపాటి? చెవి దగ్గర ఫోన్ ఉన్న మనిషి కళ్లు మన మీద వాలినా లెక్కలోకి తీసుకోకూడదు.

మరి దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? అవతలి మనిషిలో మార్పుని. అదీ మన చెయ్యి లేచిన వెంటనే వచ్చిన మార్పుని. చూపు ఎటు ఉంది అన్నదానికన్నా, మనం ఊపకముందు లేనిది, ఊపాక ఒకటి రెండు సెకన్లలో ఏం మొదలైంది అన్నది ముఖ్యం. మనుషులు పలకరించుకునే తీరును ఫిల్ముల్లో తీసి వరుసగా విడదీసిన ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ 1973లో రాసినదాన్ని బట్టి, దూరపు పలకరింపు ఒక క్రమంలో నడుస్తుంది. ముందు ఒకరినొకరు చూసుకుంటారు. తర్వాత చెయ్యి ఊపడమో, తల ఎగరెయ్యడమో, నవ్వడమో జరుగుతుంది. ఆపైన దగ్గరికి నడుస్తారు. నడిచేటప్పుడు చాలాసార్లు చూపు పక్కకి తిప్పేస్తారు. చివర్లో దగ్గరికొచ్చాక మళ్లీ చూపు కలిపి మాట మొదలుపెడతారు. ఈ మధ్యలో చూపు తిప్పడం అన్నది మర్చిపోకూడదు. తిరిగి చెయ్యి ఊపి, వెంటనే ఫోన్ వైపో నేల వైపో చూసినవాళ్లు మొహం చాటేసినట్టు కాదు. పలకరింపులో ఆ భాగం అలాగే ఉంటుంది. ఎవరూ 28 మీటర్ల పొడవునా ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ నడవరు.

కనుబొమలు ఎగరెయ్యడం కూడా దూరపు పలకరింపే. ఇరెనేయుస్ ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ అనే పరిశోధకుడు అనేక దేశాల్లో తీసిన ఫిల్ముల్లో అది సెకనులో ఆరో వంతు సేపు మెరిసి పోతుందని చూపించాడు. ఆఫీసు కారిడార్‌లో అది చక్కగా అందుతుంది. పెద్ద రోడ్డు మీద మాత్రం సెంటీమీటరు మేర ఎగిరిన కనుబొమ చూపు అందే కనీసానికి అంచున ఉంటుంది, పైగా ఒక్క క్షణమే. అందుకే ఇక్కడో అన్యాయం జరుగుతుంటుంది. అవతలాయన కనుబొమలు ఎగరేసి, చిన్నగా నవ్వి, తన వంతు పలకరింపు ఇచ్చేశాననుకుంటాడు. ఇవతలి మనిషికి అది చేరదు. ఇద్దరూ నిజమే చెప్తారు, ఇద్దరూ తగువు పడతారు.

ఇప్పుడు ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూద్దాం. సాయంత్రం ఆరు. ఒకమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగింది. రోడ్డుకు అటువైపు బస్టాప్‌లో డిగ్రీలో తనకి ఎకనామిక్స్ చెప్పిన మేడమ్ నిలబడి ఉన్నారు. ఫుట్‌పాత్ అంచుకు వచ్చి చెయ్యి ఊపింది. అదే క్షణంలో సిటీ బస్సు అడ్డం వచ్చింది. పదకొండు మీటర్ల బస్సు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక చోటు నుంచి చూపును రెండు సెకన్ల పాటు పూర్తిగా కప్పేస్తుంది. ట్రాఫిక్‌లో నింపాదిగా కదులుతుంటే నాలుగు సెకన్లు. అమ్మాయి ఊపింది కూడా అంతసేపే. అంటే మొదటి ఊపు లెక్కకి రాదు, బస్సు మీద ఖర్చైపోయింది.

బస్సు పోయాక మేడమ్ మొహం ఇటు తిరిగి ఉంది. "చూశారు!" అనుకుంది అమ్మాయి. ఇక్కడ కాస్త ఆలోచించాలి. మన దేశంలో బళ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి, రోడ్డుకు ఎదురుగా నిలబడినవాళ్లకి దగ్గరి లేన్లలో బళ్లు కుడివైపు నుంచి వస్తాయి. బస్సు కోసం చూసే ప్రతివాళ్లూ కుడివైపే తల తిప్పి ఉంచుతారు. అమ్మాయి రోడ్డుకు అవతల, మేడమ్‌కి కొంచెం కుడి ఏటవాలుగా నిలబడి ఉంటే, మేడమ్ తల అమ్మాయి వైపు తిరిగినట్టే ఉంటుంది. కానీ ఆవిడ చూస్తున్నది దూరంగా వస్తున్న బస్సు నంబర్‌ని. ఊపకముందు కూడా తల అలాగే ఉంది, ఊపాక కూడా అలాగే ఉంది. మార్పు లేదు, కాబట్టి సాక్ష్యం లేదు.

అమ్మాయి మళ్లీ ఊపింది. రెండు సెకన్లకి మేడమ్ చెయ్యి లేచింది! దూరం నుంచి చూస్తే ఇది ఖాయం అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ రోడ్డు పక్కన ఎత్తిన చేతికి పలకరింపు ఒక్కటే అర్థం కాదు. బస్సు ఆపడానికి ఎత్తుతారు, ఆటో ఆపడానికి ఎత్తుతారు, రోడ్డు దాటేటప్పుడు బళ్లని ఆగమని ఎత్తుతారు. పలకరింపుగా ఊపిన చేతికి ఒక షేర్ ఆటో వచ్చి కాళ్ల ముందు ఆగడం ఇక్కడ మామూలే, డ్రైవర్ "ఎక్కడికి?" అంటాడు, జవాబు చెప్పి చూసేసరికి అవతలి మనిషి వెళ్లిపోయి ఉంటారు. మేడమ్ చెయ్యి కూడా అలాంటిదేనా? తేడా కనిపెట్టొచ్చు. బస్సుని ఆపే చెయ్యి రోడ్డు మీదకి, బస్సు వచ్చే దిక్కుకి చాచి ఉంటుంది, తల బస్సుతో పాటు తిరుగుతుంది, మనిషి ఒక అడుగు ముందుకి వేస్తుంది. జవాబుగా లేచిన చెయ్యి ఒంటికి దగ్గరగా పైకి లేస్తుంది, అటూ ఇటూ ఆడుతుంది, మొహంతో పాటు భుజాలు కూడా మన వైపు తిరుగుతాయి. ఇక్కడ మేడమ్ భుజాలు తిరగలేదు. బస్సు ఆగకుండా పోయింది, చెయ్యి దిగింది.

అప్పుడు అమ్మాయి చేయాల్సింది ఆపకుండా ఊపుతూనే ఉండడం కాదు. ఆపకుండా ఊపితే రెండు నష్టాలున్నాయి. ఎంతసేపైనా ఒకేలా ఆడే కదలికకి చూపు అలవాటుపడిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఊపు ఎప్పుడూ సాగుతూనే ఉంటే అవతలి కదలిక దేనికి జవాబో తేల్చలేం. ఊపి ఆపాలి, రెండు మూడు సెకన్లు ఆగాలి, మళ్లీ ఊపాలి. తను ఊపినప్పుడు అవతలి మనిషి ఏదో చేసి, తను ఆపినప్పుడు ఆ మనిషీ ఆగితే ఇక అనుమానం అక్కర్లేదు. వేరే పనిలో ఉన్నవాళ్లు మన తాళానికి ఆడరు. అమ్మాయి బస్సుల మధ్య ఖాళీ చూసుకుని, పిల్లర్ అడ్డం లేని చోటుకి నాలుగు అడుగులు జరిగి, తలపైకి చెయ్యెత్తి రెండుసార్లు ఊపి ఆపింది. మేడమ్ తల ఒక్కసారి ఆగింది. నడిచే తల, వెతికే తల ఇలా ఆగడం గుర్తుపట్టడంలో మొదటి మెట్టు. తర్వాత ఆవిడ మెడ కాస్త ముందుకి సాచి చూశారు. ఇది "ఎవరో నన్నే పిలుస్తున్నారు, ఎవరో తెలియడం లేదు" అన్న దశ. చాలామంది ఇక్కడే నిరాశపడి చెయ్యి దించేస్తారు, నిజానికి సగం పని అయిపోయింది. అమ్మాయి నమస్కారం పెట్టింది. మేడమ్ గడ్డం పైకి ఎగరేసి చెయ్యి ఊపారు, అమ్మాయి ఆపగానే ఆవిడా ఆపారు. ఇప్పుడు చూశారు.

అటువైపు వెళ్లాలంటే డివైడర్ దూకక్కర్లేదు, మెట్రో స్టేషన్‌కి రోడ్డు రెండు పక్కలా మెట్లుంటాయి, టికెట్ లేకుండానే పైనుంచి దాటొచ్చు. ఆ మూడు నాలుగు నిమిషాల్లో మేడమ్ బస్సు వచ్చేస్తే అది వేరే సంగతి.

కారులో ఉన్నవాళ్ల విషయంలో ఈ పరీక్షలేవీ సరిగ్గా పనిచేయవు. పగటిపూట బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. అద్దం మీద మనకి ఆకాశం, ఎదురు బిల్డింగులు కనిపిస్తాయి, లోపలి మనిషి కాదు. వాళ్లకి మాత్రం మనం బాగానే కనిపిస్తాం. అంటే వాళ్లు చూసి, నవ్వి, చెయ్యి కూడా ఊపి వెళ్లిపోయి ఉండొచ్చు, మనకి తెలిసే దారి లేదు. ఇలాంటిచోట హారన్ కొట్టడం, బండి నెమ్మదించడం, ఇండికేటర్ వెయ్యడం తప్ప జవాబు అందదు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లదీ అంతే, తల ఊపితే చూడండి, మొహంలో ఏమీ వెతక్కండి. మీ వెనక సాయంత్రపు ఎండ ఉంటే అవతలివాళ్లకి మీరు నల్లటి ఆకారం మాత్రమే. చెయ్యి కనిపిస్తుంది, మొహం కనిపించదు. వాళ్లు ఊరికే చూస్తూ నిలబడితే అందుకే.

అయితే నిజంగానే చూసి, చూడనట్టు పోయేవాళ్లు లేరా? ఉన్నారు. దానికీ మార్పే గుర్తు. తల మన వైపు వచ్చి ఒక్క క్షణం ఆగి, వెంటనే అటు తిరిగిపోవడం, ఆ తర్వాత నడక వేగం పెరగడం, మోగని ఫోన్ చెవికి వెళ్లడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి, మన చెయ్యి లేచాకే జరిగితే అనుమానించొచ్చు. కానీ ఇందులో ఏ ఒక్కటి విడిగా జరిగినా ఏమీ చెప్పలేం. గుర్తుపట్టని అపరిచితుడు తన వైపు చెయ్యి ఊపితే ఆడవాళ్లు చేసేది కూడా సరిగ్గా ఇదే, తల తిప్పి వేగంగా నడవడం. ఆ దూరంలో ఆవిడకి మీరు మీరుగా కనిపించారో, ఎవరో పోకిరీగా కనిపించారో ఇవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి చెప్పలేరు. ఇంటికెళ్లాక "ఇందాక దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో ఉన్నది మీరేనా మేడమ్?" అని ఒక మెసేజ్ పెడితే తెలుస్తుంది. "చూసి కూడా వెళ్లిపోయారేంటి?" అని పెడితే, ఆవిడ నిజంగా చూడకపోయినా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది, అసలు సంగతి ఇక ఎప్పటికీ తేలదు.